చింతచెట్టు విన్న మాట

మొన్న తాడేపల్లిగూడెంలో మా మనవరాలి బడివాళ్ళు, రిటైరైన తెలుగు మాస్టారినని గౌరవించి కథల పోటీకి తీర్పరిగా పిలిస్తే వెళ్ళాను గానీ, అంశం చూడగానే పాత సంగతొకటి గుర్తొచ్చింది. ఊరిని చూస్తున్న ముసలి చెట్టు చెప్పే కథ. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఏలూరు నుంచి రోజూ బస్సులో మండవల్లి వైపు ఒక కొల్లేటి ఊరి బడికి వెళ్ళి పాఠాలు చెప్పే రోజుల్లో, తొమ్మిదో తరగతికి నేనిచ్చిన అంశమే అది.

మన కాలపు మాస్టార్ల పట్టింపులు మీకు తెలియనివా! చెట్టు కదలకూడదు, ఇళ్ళలోకి తొంగిచూడకూడదు, ఎవరి మనసులో ఏముందో చెప్పకూడదు. ఉన్నచోటి నుంచి చూసింది, విన్నది, ఒంటికి తగిలింది మాత్రమే చెప్పాలి. గెలిచిన కథను ప్రార్థనలో ఊరి పెద్దల ముందు చదివించాలి.

అందరి చెట్లూ నీతులు చెప్పాయి. ఒక్క కథలోనే చెట్టు చెట్టులా ఉంది. చేపల చెరువు గట్టు మీది చింతచెట్టది. పైనుంచి చూస్తుంది కనుక మనుషుల ముఖాలు తెలియవు, పాపిడులూ బట్టతలలే తెలుసు. నెలలు తెలియవు, పూతా పిందే తెలుసు. పిందె రోజుల్లో ఒక పొద్దున, చేపలు దొంగిలించాడని ఒక కూలీని దానికి కట్టి కొడతారు. అతను కాపలావాడితో గొంతు తగ్గించి, “మా పిల్ల బడికెళ్ళే దారండి ఇది, దాన్ని కాస్త అటు మళ్ళించండి” అంటాడు.

ఆ మాట కింద ఎర్రగీత గీశాను. అంతెత్తు ఆకులకు గుసగుస ఎలా వినపడిందని తరగతిలో చదివి ఎగతాళి చేశాను. పిల్లలు పగలబడి నవ్వారు. చెరువు గుత్తదారు కొడుకైతే బల్ల చరిచి నవ్వాడు. అప్పుడు మూడో వరుసలో ఆ కథ రాసిన పిల్ల లేచింది.

“వీపు మానుకి ఆనించి కట్టారండి. అందుకే వినపడిందండి.”

ఆ కూలీ ఆ పిల్ల తండ్రేనని నాకు తప్ప అందరికీ తెలుసట. అతన్ని కొట్టించిందీ, బడిలో ఫ్యాన్లు వేయించిందీ ఆ గుత్తదారే. నాకు భయం వేసింది. కొట్టడం తీసేసి గాలివాన పెట్టు, మొదటి బహుమతి నీకే ఇస్తానన్నాను.

“అది తీసేస్తే చెట్టు ఇంకేం చూసినట్టండి?” అంది.

బహుమతి గుత్తదారు కొడుక్కిచ్చాను. వాడి చెట్టు అందరికీ నీడనిచ్చింది. వాడి తండ్రి ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఆ పిల్ల మర్నాటి నుంచి రాలేదు, చెరువు పనికి పోతోందన్నారు. నేను వెళ్ళి అడగలేదు.

మొన్న ఒక పిల్లాడి కథలో, చెట్టుకిదెలా తెలుసని అలవాటుగా రాయబోతుంటే చెయ్యాగిపోయింది. చెట్టు విన్నది సరే, ఆ గుసగుస ఆ పిల్లకెలా తెలిసింది? దారి మళ్ళించేలోపే వచ్చేసింది. మాను వెనకే నిలబడి అంతా వింది. ఆ సంగతి తండ్రికి కూడా చెప్పుకోలేక చెట్టు చేత చెప్పించింది, నేను దానికి మార్కులు కోశాను.

ఇప్పుడా చింతచెట్టు లేదు, పిల్లలు వ్యానుల్లో బడికి పోతున్నారు. ఆ పిల్లకిప్పుడు బడికెళ్ళే పిల్లలుండే వయసు.