ఆరేళ్ళ పని, నాలుగు వాక్యాలు

విశాఖపట్నంలో నేను పనిచేసిన చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ మాంద్యం దెబ్బకి మూతపడింది. పెట్టె సర్దుకుని పలాస వచ్చేశాను. అదే ఏడాది నాన్నకి డయాలసిస్ మొదలైంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బంటే ఎవరూ ఉలిక్కిపడరు, ఎవరింట్లో అని మాత్రం అడుగుతారు. డయాలసిస్ మాకు విశాఖలోనే కుదిరింది. వారానికి రెండుసార్లు నాన్న రైల్లో పోయి రావాలి. పొద్దున్నే ఎక్కిన మనిషి రాత్రికి తోటకూర కాడలా వాలిపోయి దిగేవాడు. నాకు విశాఖలో ఉద్యోగం దొరికితే ఆసుపత్రి పక్కనే ఇల్లు తీసుకుని నాన్ననీ అమ్మనీ అక్కడ పెట్టుకోవచ్చు. నాకు కావలసిందల్లా అదే. హైదరాబాదూ వద్దు, బెంగుళూరూ వద్దు.

రెజ్యూమే రాయడానికి కూచున్నాను. పైన సమ్మరీ అని ఉంటుంది, మనమెవరమో నాలుగు ముక్కల్లో చెప్పే చోటు. నేను అక్కడ సి, సి++, విజువల్ బేసిక్, ఏఎస్‌పీ, పీహెచ్‌పీ, జావా, స్ట్రట్స్, హైబర్నేట్, ఒరాకిల్, మైఎస్‌క్యూఎల్, ఎక్స్‌ఎమ్‌ఎల్, జావాస్క్రిప్ట్, క్రిస్టల్ రిపోర్ట్స్ అంటూ మొదలుపెట్టి సగం పేజీ నింపాను. చిన్న కంపెనీలో అందరూ అన్నీ చెయ్యాలి. ఓనరు గారి బావమరిది హోటల్‌కి వెబ్‌సైట్ కావాలంటే పీహెచ్‌పీ నేర్చుకున్నదీ నేనే.

దీనికి ఇంకో కారణం కూడా ఉంది, అది మా చర్చిలోది. కృతజ్ఞత కూడికల్లో ఒక్కో కుటుంబం లేచి, దేవుడు చేసిన మేళ్ళు చెబుతుంది. మా బాప్టిస్టు సంఘంలో వాటిలో ఏ ఒక్కటీ వదలకూడదు. పంట, పెళ్ళి, దగ్గు తగ్గడం, పోయిన గొడుగు దొరకడం, అన్నీ చెప్పాలి. మిషన్ స్కూల్లో టీచరుగా రిటైరైన నాన్న ఆ సాక్ష్యానికి లేస్తే పిల్లలు నిద్రపోయేవాళ్ళు. నా రెజ్యూమే చూపిస్తే కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివాడు.

"ఏదీ మర్సిపోనేదు కదమ్మా? ఒకటి దాసినా మేలు మర్సిపోయినట్టే," అన్నాడు.

ఇంకా రెండు గుర్తొస్తే చేర్చాను. ఆ కాగితాన్నే ఉద్యోగాలు చూపించే ఓ కన్సల్టెన్సీకి పంపాను. నెల గడిచింది. ఫోన్లు వచ్చాయి గానీ అన్నీ తప్పు ఫోన్లే. ఒకరికి సి++ వాళ్ళు కావాలి, అది నేను కాలేజీలో తప్ప ముట్టుకోలేదు. ఇంకొకరికి చెన్నైలో విజువల్ బేసిక్ కావాలి. నేను చివరిదాకా చేసింది జావా, ఆ ఉద్యోగానికి మాత్రం ఎవరూ పిలవలేదు.

మా మేనమామ కొడుకు విశాఖలో ఓ కంపెనీలో టీమ్ లీడర్. అతని దగ్గరికి రెజ్యూమేలు కట్టలు కట్టలుగా వస్తాయి. ఆదివారం పలాస వచ్చినప్పుడు కాశీబుగ్గలో ఇంటర్నెట్ సెంటర్‌కి లాక్కెళ్ళాను. తెర మీద సమ్మరీ చూసి బావ నవ్వాడు.

"ఏటే ఇది? మీ నాన్న సాక్ష్యం కాపీ కొట్టినావా?"

నాకు ఒళ్ళు మండింది. "అన్నీ వచ్చు కాబట్టి రాసేను. అబద్ధమేటి?"

"అబద్ధమని నేనన్నానా? మా దగ్గర ఒకో కాగితం అర నిమిషం సూత్తాం. అందులో ఈ పిల్ల ఏటి సేత్తాదో తెలాల. ఇది సూత్తే నువ్వు అన్నీ ముట్టుకున్నావని తెలుత్తాది గానీ, నీకేటి బాగా వచ్చో తెల్దు."

"తీసేస్తే, కంపెనీలవాళ్ళు కంప్యూటర్లో ఆ పేర్లు కొట్టి వెతికినప్పుడు నా కాగితం దొరకదు కదా?"

"తీసీమని ఎవరన్నారు? కిందన స్కిల్స్ అని పెట్టు. భాషలొక వరస, డేటాబేసులొక వరస. కంప్యూటర్‌కి కాగితంలో ఎక్కడున్నా ఒకటే, ఎతికీసుకుంటాది. పైన సదివీది మనిషి. కాలేజీలో సదివిన సి++ మాత్రం కిందన కూడా వద్దు, అడిగితే నోరెళ్ళబెడతావు."

అంత వరకూ సరే. తరవాత బావ అసలు ప్రశ్న అడిగాడు. "సరే, నువ్వెవరివి సెప్పు?"

నిజంగానే తెలీలేదు. ఎవరేం చెబితే అది చేశాను, నన్ను ఒక్కదాని మీద కుదురుగా ఉండనిచ్చిందెవరు? ఏడుపొచ్చేసింది, అదీ ఇంటర్నెట్ సెంటర్లో, పక్కన ఎవరో రైలు టికెట్ తీస్తుండగా. బావ కంగారుపడి ప్రశ్న మార్చాడు.

"పోనీ, ఆరేళ్ళూ ఎవరి కోసం రాసినావు?"

"ఆసుపత్రులకి. బిల్లింగ్."

"హోటల్ తప్పించి అన్నీ ఆసుపత్రులేనా?"

"అవే. ముందు విజువల్ బేసిక్‌లో. తర్వాత నాలుగేళ్ళూ జావా, ఒరాకిల్."

"మరదే నువ్వు! భాషలు మారినాయి, పని మారనేదు."

ఇద్దరం కూచుని రాశాం. జావా డెవలపర్ని, ఆరేళ్ళుగా ఆసుపత్రి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్నాను, అందులో చివరి నాలుగేళ్ళు జావా, ఒరాకిల్ మీద. ఇన్సూరెన్స్ క్లెయిముల భాగం మొదటి నుంచీ కట్టి ఆసుపత్రుల్లో నడిపించాను. గంట పట్టే డిశ్చార్జి బిల్లు నిమిషాల్లో వచ్చేలా చేశాను. ఇలాంటి పనే కోరుకుంటున్నాను. అంతే, నాలుగు వాక్యాలు. పీహెచ్‌పీని కిందికి దించుతుంటే ప్రాణం ఉసూరుమంది గానీ, అన్నీ అయ్యాక చదువుకుంటే మొదటిసారి నేనెవరో నాకు అర్థమైంది. ఆ సంతోషం దాచుకోలేకపోయాను.

ఇంటికొచ్చి చూపిస్తే నాన్న కాగితం వెనక్కి తిప్పి చూశాడు. "మిగతావన్నీ ఏవమ్మా?" అన్నాడు. కింద ఉన్నాయని వేలు పెట్టి చూపించాను. ఆయనకి నచ్చలేదు. అయినా ఆ సాయంత్రం ప్రార్థనలో నా ఉద్యోగం కోసం ఒక్క వాక్యమే చెప్పాడు.

బావ కంపెనీలో ఆసుపత్రి ప్రాజెక్టు కోసం విశాఖలోనే జావా వాళ్ళని తీసుకుంటున్నారు. కాగితం వాళ్ళ మేనేజరుకి చేరింది. ఆవిడ చదివి, సరిగ్గా ఇలాంటి మనిషే కావాలి, వెంటనే పిలవండి అందట. అమ్మ అప్పుడే ఆసుపత్రి దగ్గర అద్దె ఇళ్ళ సంగతి కనుక్కోమని తెలిసినవాళ్ళకి చెప్పేసింది.

రెండు రోజులకి బావ ఫోన్ చేశాడు. గొంతులో వెటకారం లేదు.

"నీ పాత రెజ్యూమే మాకు వచ్చిందటే. కన్సల్టెన్సీవోళ్ళు నీకు సెప్పకుండా మాక్కూడా పంపీసినారు. అప్పుడే ఎవరో సూసి కొట్టీసినారు. సిస్టమ్‌లో నీ పేరు మీద రిజెక్టని ఉంది. రిజెక్టయినోళ్ళని ఆరు నెలల దాకా మళ్ళీ సూడకూడదు. రూలది."

"నేను అదే మనిషిని కదా బావా. మేడంకి నచ్చేను కదా."

"ఆవిడా ఎచ్చార్‌వోళ్ళతో గొడవపడింది. అవ్వనేదే."

ఎవరి మీద కోప్పడాలో తెలీలేదు. కన్సల్టెన్సీ వాళ్ళు అందరికీ పంపుతారు, అది వాళ్ళ పని. కొట్టేసినవాడు అర నిమిషంలో చూడగలిగినంతే చూశాడు. రూలు నా ఒక్కదాని కోసం పెట్టింది కాదు. నాన్న మంచం మీద పడుకుని ఏటైందమ్మా అని అడుగుతుంటే, కొంచెం ఆగమన్నారు నాన్నా అన్నాను.

విశాఖలో ఇంకెక్కడా ఖాళీల్లేవు. నాన్న రైళ్ళు ఎక్కుతూనే ఉన్నాడు. వానాకాలం వచ్చేసరికి మెట్లెక్కడానికి నేనూ అమ్మా చెరో చెయ్యీ పట్టుకోవలసి వచ్చింది. ఒకసారి విశాఖ వెళ్ళినవాడు ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని ఆసుపత్రిలోనే ఉండిపోయాడు. వారం తిరక్కుండా పోయాడు. ఇంటికి తీసుకొచ్చాం, అంబులెన్సులో.

ఆరు నెలలు నిండాక అదే కంపెనీ ఎచ్చార్ నుంచి ఫోన్ వచ్చింది. కుర్రది, గొంతు చాలా మర్యాదగా ఉంది. నా సమ్మరీ పైకి చదివి, మేడం మీరే కావాలంటున్నారండీ, మీ ప్రొఫైల్ చాలా క్లియర్‌గా ఉంది అంది. పోస్టింగ్ విశాఖలో ఉంది, పూణేలో కూడా ఉంది, మీకు ఫలానా ఊరే కావాలని ఏమైనా ఉందా అని అడిగింది.

లేదండీ, ఎక్కడైనా పర్వాలేదు అన్నాను.