సంగటి కట్టె

హిందూపురంలో కొత్త కాపురం పెట్టేముందు వంటింటి సామాన్లకు చీటీ రాశాను. ఒకవైపు ఇప్పుడే కావలసినవి, రెండోవైపు తర్వాత కొనేవి. సంగటి కెలికే కట్టెను మొదటివైపే రాశాను. మా ఆయన దాన్ని కొట్టేసి రెండోవైపు వేశాడు. దాని చోట్లో టోస్టర్ రాశాడు.

“గరిటె ఉండాది కదా, దాంతో కెలుకు,” అన్నాడు.

కొత్తింట్లో మొదటిరోజే ఆయన సంగటి అడిగాడు. ఉడికిన నూకల్లో రాగిపిండి పోసి, మగ్గాక గరిటెతో కెలికాను. గరిటె కాడ వంగింది, పిండి ఉండలు కట్టింది, నా మణికట్టు పట్టేసింది. ఆయన టోస్టర్ అట్టపెట్టె విప్పుతూ, “ఇంకా కాలేదా?” అన్నాడు.

వంగిన గరిటె ఆయన చేతిలో పెట్టాను. “ఇంగ మీరే కెలకండి.”

రెండుసార్లు తిప్పి, గరిటె వదిలేసి చెప్పులేసుకున్నాడు.

“ఆ కట్టె యాడ దొరుకుతాది?”