మూరెడు ఎత్తున దీపం

నారాయణఖేడ్‌లో భర్త పోయిన ఒక దొరసాని, భోజనాల బల్లపైన కిరోసిన్ దీపం వేలాడదీయమని నన్ను పిలిచింది. బల్ల వెడల్పులో సగముండే రేకు గొడుగు దీపాన్ని ఎంచి, బల్లకు రెండు మూరల ఎత్తున గొలుసుతో కట్టాను.

"మూరెడు ఎత్తులనే ఉంచు," అన్నది.

"గంత కిందికైతే గొడుగు అడ్డమొస్తది దొరసానీ. ఎదురుంగ కూసున్నోళ్ల మొఖం కనబడది."

"కనబడొద్దు."

చెప్పినా వినని మనుషులంటే నాకు మంట. అయినా దించి, వెలిగించి, కూర్చున్నవారి కంటి ఎత్తుకు వంగి చూశాను. గొడుగు కింది వెలుగులో, అవతలి కుర్చీ ముందు, అన్నం కోసం చూస్తున్నట్టు రెండు మగ చేతులు బల్లమీద ఆనుకొని ఉన్నాయి. ఎవరా అని గొలుసు పైకి లాగాను. కుర్చీ ఖాళీ.

నా వెనక నుంచి దొరసాని మెల్లగా అన్నది: "జల్దీ దించు. ఆయన ఇంకా తినలే."