నీళ్ల గొట్టంలో గీత

తొంభైల చివర్లో నాగర్‌కర్నూల్ దగ్గర ఒక వ్యవసాయ క్షేత్రంలో, ఆముదం ఎండు తెగులు మీద పరిశోధన చేస్తూ రెండేళ్లు ఉన్నాను. గైడు నగరంలో ఉండేవారు. ఇక్కడ ఒక గది, ఒక పీసీఆర్ మిషన్, నేను. కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే రాదు.

ఒకరోజు కోడేరు వైపు నుంచి ఒక ముసలి రైతు వచ్చి చిన్న గింజల మూట బల్ల మీద పెట్టాడు.

"మా నాయిన కాలం నుంచి దాస్తున్న రకం, బిడ్డా. గీ ఇత్తనంల ఎండురోగం ఉందో లేదో జర చూసి చెప్పు. ఉంటె ఎయ్యను."

అందుకు వాడాల్సిన ప్రైమర్లు నేను కూర్చినవే. తెగులు తెచ్చే బూజు డీఎన్ఏలో కావలసిన ముక్కకు రెండు కొసల్లో అతుక్కునే చిన్న డీఎన్ఏ తునకలవి. అవి అతుక్కుంటేనే మిషన్ ఆ ముక్కను పెంచుతుంది. రెండూ దాదాపు ఒకే వేడి దగ్గర ఊడాలి. లేకపోతే ఒకటి అతుక్కునే వేడిలో రెండోది నిలవదు. డీఎన్ఏ అక్షరాలు నాలుగింటిలో ఏ, టీలకు రెండేసి, జీ, సీలకు నాలుగేసి డిగ్రీల చొప్పున పెన్సిల్‌తో లెక్కగట్టాను. ఇరవై అక్షరాల చొప్పున రెండూ సరిగ్గా అరవై వచ్చాయి. ఎంత మురిసిపోయానో! చూపించడానికి పక్కన మనిషి లేడు.

మిషన్ పెంచిన డీఎన్ఏ గీతగా కనబడే జెల్ మీద, గింజల వరుసలో గీత మెరిసింది. నెలల తర్వాత మొదటి గీత. ఎవరితోనైనా చెప్పాలి కదా! ఫలితం కోసం పొద్దుటి నుంచి బయట చెట్టు కింద కూర్చున్న ముసలాయన దగ్గరికి పరిగెత్తాను. "రోగం ఉంది తాతా!" అన్నాను, నవ్వుతూ. ఆయన లేచి వెళ్లిపోయాడు.

లోపలికొచ్చాక మిగతా వరుసలు చూశాను. సరిచూసుకోవడానికి డీఎన్ఏ వేయకుండా ఉత్త నీళ్లు పోసిన గొట్టంలోనూ అదే గీత. అదీ ఉండాల్సిన చోటుకు చాలా కింద. నోట్‌బుక్ తెరిచాను. ఒక ప్రైమర్ తోక ఏ-జీ-జీ-సీ, రెండోదాని తోక జీ-సీ-సీ-టీ. రెండోదాన్ని తిప్పి పక్కన పెడితే ఏకు టీ, జీకి సీ, అక్షరానికి అక్షరం జత కుదురుతోంది. నా ప్రైమర్లు బూజును వెతకడం మానేసి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి, ఎంజైమ్ వాటినే పొడిగించింది. ఇంకొకరు ఒక్కసారి చూసినా దొరికే తప్పు. నా మీద నాకే అసహ్యం వేసింది.

రెండో ప్రైమర్‌ను మూడక్షరాలు పక్కకు జరిపి తోక మార్చాను. వేడి తగ్గితే తల వైపు ఒక అక్షరం కలిపి సరిచేశాను. కొత్తవి తయారై వచ్చేసరికి నెలన్నర పట్టింది. సరైన జవాబు లేకుండా ఆయన దగ్గరికి వెళ్లలేకపోయాను. ఈసారి నీళ్ల వరుస ఖాళీ. గదిలో నేను పెంచిన బూజు వరుసలో గీత సరైన చోట వచ్చింది. గింజల వరుసలో ఏమీ లేదు.

పరీక్షకు పోగా మిగిలిన గుప్పెడు గింజలు డబ్బాలో పెట్టుకుని ఆయన ఊరికి బస్సెక్కాను.

"రోగం లేదు తాతా. తప్పు నాది."

"గానుగకు పోసిన, బిడ్డా. అన్నీ పోసిన."

డబ్బా చేతిలో పెట్టాను. మూత తీసి గింజలను వేలితో కదిపి చూశాడు. తిడతాడని నిలబడ్డాను. తిడితే బాగుండుననిపించింది.

"ఎండల వచ్చినవ్, కూసో. నీళ్లు తాగు," అన్నాడు.

ఆ రెండేళ్లలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి ఆయనే.