కేశవయ్య కిరీటం వాపసిచ్చిన వైనం

పత్తికొండ చరిత్రను ఎవరైనా శ్రద్ధగా రాయదలిస్తే, 2008, 2009 సంవత్సరాల్లో స్టీలు సామాన్ల వ్యాపారి కేశవయ్య రోజుకొక గులాబీ పంపిన సంగతికి ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. అంగట్లో బోణీ కాగానే ఆయన భుజం మీద కండువా సవరించుకుని పక్క సందులోని ఇంటర్నెట్ సెంటరుకు నడిచేవాడు. అక్కడ జెస్సీ అనే అమ్మాయి కంప్యూటరు తెరిచిపెడితే, స్నేహితుల సైటులో ఒక్క గులాబీ నొక్కి, తిరిగొచ్చి గిన్నెలు తూకం వేసేవాడు.

గులాబీ ఖరీదు పది నాణేలు. అవి కంప్యూటర్లోనే పుట్టి కంప్యూటర్లోనే ఖర్చయ్యే నాణేలు. ఫోన్ నుంచి ఒక మెసేజ్ కొడితే రీచార్జి డబ్బులు కోసుకుని ఒకేసారి రెండువందల యాభై ఇస్తారు. గులాబీలు అందుకునేవాడు కోడుమూరులో ఉన్న బావమరిది శివప్రసాద్. ఆ సైటులో కేశవయ్యకు వేరే స్నేహితులు లేరు. ఎన్ని గులాబీలు పంపినా అటునుంచి జవాబు రాదు. అది పెద్దింటి గాంభీర్యమని ఆయన నమ్మకం. అంతకుముందు ఏడాది పుట్టినరోజుకు ఆ శివప్రసాదే ఐదువందల నాణేల బంగారు కిరీటం పంపాడు మరి. కేశవయ్య ఫోటో కింద అది నిత్యం మెరిసేది. దాని కింద ‘శివప్రసాద్ బహూకరణ’ అని, గిన్నె మీద చెక్కినట్టు.

అటువంటి బాంధవ్యం టమోటా మార్కెట్లో తెగిపోయింది. పదిమంది వింటుండగా శివప్రసాద్, “మా బావ ఆ సైటులో పెట్టినాడే ఫోటో, అది ఇరవై ఏండ్ల కిందటిదప్పా!” అన్నాడు. నిజానికి ఇరవై రెండేళ్ల కిందటిది.

మరునాడు కేశవయ్య గులాబీ నొక్కలేదు.

“జెస్సమ్మా, నా ఖాతా మూసేయాల. ముందు ఆ కిరీటం వానికి తిప్పి పంపు. వాని పేరు చెక్కిన సామాను నా ఇంట్లో ఉండగూడదు.”

“తిప్పి పంపే బటను లేదు శెట్టిగారూ. ఖాతా తీసేస్తే మీ పేజీతో పాటు కిరీటమూ మాయమవుతాది. ఆయనకు తిరిగి పోదు.”

“అదెట్ల? ఇచ్చినోనికి చేరకుండా యాడికి పోతాది?”

“మీ అంగట్లో బోర్డు ఉండాదే, ‘పేరు చెక్కిన సామాను వాపసు తీసుకోబడదు’ అని. అట్లనే.”

వ్యాపారి నోరు మూయించగలిగేది సొంత బోర్డు ఒక్కటే.

“నేను పంపిన గులాబీలు?”

“అవి ఆయన పేజీలోనే ఉంటాయి. మీ పేరు పోయి, ‘ఖాతా లేని సభ్యుడు’ అని పడతాది.”

“నా దుడ్లతో వాని గోడకు పూలు, నాకు పేరు గూడ లేదు! మిగిలిన నాణేలు?”

“రెండువందల అరవై ఉండాయి. డబ్బు తిరిగి ఇయ్యరు. కొత్త ఖాతా తెరిచినా దాంట్లోకి రావు. మూసేలోపల ఖర్చు పెట్టుకోవాల, లేదంటే పోయినట్టే.”

రుణం తీరాలంటే ఒకటే దారి కనిపించింది: అంతే ఖరీదున్న కిరీటం శివప్రసాద్ నెత్తిన పెట్టడం. నాణేలు చాలవు. శత్రువుకు కిరీటం కొనేందుకు కేశవయ్య ఫోను తీసి ఇంకో రెండువందల యాభై నాణేలు తెప్పించాడు. కిరీటం వెళ్లింది. పది నాణేలు మిగిలాయి.

“గులాబీ ఒకటి నాకే పంపు.”

“మనకు మనం పంపుకోనియ్యదు శెట్టిగారూ. ఆయనకే పంపండి.”

“వానికా? నా నాణేలు కుళ్లిపోయినా సరే!”

అలా పది నాణేలు వీరమరణం పొందాయి. జెస్సీ ఖాతా మూసే మీట నొక్కి హెచ్చరించింది: “ముప్పై రోజులు దీంట్లోకి రావొద్దు. మధ్యలో పాస్‌వర్డ్ కొట్టి లోపలికొస్తే, మూసేది రద్దయి ఖాతా మళ్లీ లేస్తాది.”

ఆ ముప్పై రోజులు కేశవయ్య పడిన తపస్సు ఎవరికీ వద్దు. కిరీటం చూసి వాడు సిగ్గుపడ్డాడా, నొచ్చుకున్నాడా, ఏమైనా రాశాడా? చూడాలంటే తెరవాలి, తెరిస్తే పంతం పోతుంది. ఇంటర్నెట్ సెంటరు సందు కనబడకుండా అంగడికి చుట్టుదారిన వెళ్లాడు. భార్య రాజ్యలక్ష్మమ్మ, “ఏమైందంట నీకు, అన్నం ముందర పెట్టుకుని వేళ్లు లెక్కబెడతాండావు?” అని అడిగితే, “ఇంకా పన్నెండు” అన్నాడు.

ముప్పై ఒకటో రోజున వెళ్లి పాస్‌వర్డ్ కొట్టించాడు. అటువంటి ఖాతా లేదని వచ్చింది. కేశవయ్య తల ఎత్తుకుని బయటికొచ్చాడు.

ఆ వారమే కోడుమూరులో బంధువుల పెండ్లి. భోజనాల బంతిలో శివప్రసాద్ వచ్చి పక్కనే కూర్చున్నాడు.

“ఏం బావా, బాగుండావా?”

కేశవయ్య ఆకులోకి చూస్తూనే గంభీరంగా అడిగాడు. “కిరీటం అందిందా?”

“ఏం కిరీటం?”

“సైటులో. నీది నీకు చెల్లించినా.”

శివప్రసాద్ పప్పు కలుపుకున్నాడు. “అదా! దాని పాస్‌వర్డ్ మర్చిపోయి ఏడాది అయింది బావా.”