నైట్రైట్‌కు చాలని బేసిస్ సెట్

మా కోట ఊరి రొయ్యల గుంటల్లో విషంగా మారే నైట్రైట్ అయాన్ మీద మా పరిశోధన. ఆ సాయంత్రమే మా గైడ్ మేడమ్ పేపర్‌ను పత్రికకు పంపాలి. ఫలితాల పట్టికను చివరిసారి సరిచూస్తూ ఒక అంకె దగ్గర ఆగిపోయాను. ఆ అయాన్ తన అదనపు ఎలక్ట్రాన్‌ను పట్టి ఉంచే శక్తి, మా కంప్యూటర్ లెక్కలో, ప్రయోగంలో కొలిచిన విలువ కన్నా బాగా తక్కువగా ఉంది.

ఎలక్ట్రాన్ మేఘాన్ని వర్ణించడానికి వాడే గణిత ప్రమేయాల గుంపే బేసిస్ సెట్. మొదట్లో అతి చిన్నదైన కనీస బేసిస్ సెట్‌తో లెక్క త్వరగా తెమిలినా, విలువలు పనికిరాలేదు. మేఘం ఒక పక్కకు ఒరగడాన్ని చూపే పోలరైజేషన్ ప్రమేయాలు చేర్చాక బంధాల పొడవులు, కోణం కుదిరాయి. అంతటితో చాలనుకున్నాను. కానీ రుణావేశ అయాన్‌లో ఎలక్ట్రాన్ మేఘం దూరం దాకా పరుచుకుంటుంది. దాన్ని పట్టుకోవాలంటే దూరందాకా విస్తరించే డిఫ్యూజ్ ప్రమేయాలు కూడా ఉండాలి. వాటిని నేను చేర్చలేదు.

"మేడమ్, తప్పు చేసినాను. పేపర్ ఆపండి," అన్నాను.

ఆమె పట్టిక చూశారు. "అంతా మళ్ళా మొదట్నించా?"

"వద్దు మేడమ్. చుట్టూ ఉండే నీళ్ళ అణువులతో సహా అంతా చేస్తే రోజులు పడతాది. ఆకారాలు పాతవే ఉంచి, శక్తి మాత్రం డిఫ్యూజ్‌తో లెక్కిస్తా."

ముందు ఒంటరి అయాన్‌తో పరీక్షించాం. లెక్క కుదురుకోక ఊగిసలాడుతుంటే ఇద్దరం తెరకేసి చూస్తూ నిలబడ్డాం. చివరికి కుదిరింది. విలువ ప్రయోగానికి దగ్గరగా వచ్చింది.

నీళ్ళ అణువులున్న లెక్కలు ఇంకా మిగిలే ఉన్నాయి. మేడమ్ పత్రిక ఎడిటర్‌కు ఇంకొంత గడువు అడుగుతూ ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.