మేనేజర్ అయిన తమ్మునికి నాలుగు వాక్యాలు

మా ట్రాక్టర్ల షోరూముకు కొత్త మేనేజర్ ఎవరో ఒక సాయంత్రం వాట్సాప్ గ్రూపులో తెలిసింది. సంగారెడ్డిలో ఉండే మా ఓనరు, సేఠ్, నేరుగా అందులోనే రాసేశాడు. నాకంటే ఆరేళ్లు ఆలస్యంగా చేరిన కుర్రాడు రేపటి నుంచి మేనేజర్ అట. నారాయణఖేడ్ షోరూములో మొదటి ట్రాక్టరు అమ్మింది నేను. ఆ కుర్చీ నాదేనని నేనే కాదు, ఎదురుగా టీ కొట్టువాడు కూడా అనుకున్నాడు. ఆ మెసేజ్ చదివినప్పుడు నాకు కోపం కంటే ముందు సిగ్గేసింది. ఇంట్లో ఏం చెప్పాలి?

అతను నన్ను అన్నా అంటాడు, నేను తమ్మీ అంటాను. మధ్యాహ్నం షెడ్డు వెనక, పాత టైర్ల మీద కూర్చుని ఇద్దరం కలిసి తింటాం. నా డబ్బాలో జొన్నరొట్టె, అతని డబ్బాలో వాళ్లమ్మ నూరిన పల్లీల చట్నీ. ఒకరి డబ్బాలో ఒకరం చేయి పెట్టేటంత చనువు మాది. ఆ చనువు ఏమవుతుందన్న ఆలోచన నాకు అప్పటికింకా రాలేదు.

గ్రూపులో పూలగుత్తులు, చప్పట్లు, దండాల బొమ్మలు వరుసగా పడుతున్నాయి. మెకానిక్కులు పెట్టారు, లెక్కలు చూసే అమ్మాయి పెట్టింది, వాచ్‌మన్ కూడా పెట్టాడు. నేను తప్ప అందరూ పెట్టారు. నేను చదివినట్టు నీలి గీతలు చెబుతూనే ఉన్నాయి. అక్కడ జనం అతని కోసం చూడటం లేదు, నా కోసం చూస్తున్నారని అర్థమైంది. ఉక్రోషంగా గబగబా కొట్టాను: "అభినందనలు మేనేజర్ సాబ్! అదృష్టమంటే నీదే. ఇగ మా మీద జర దయ చూడాలె." పక్కన ఒక నవ్వు బొమ్మ.

పంపాక చదువుకున్నాను. నవ్వు బొమ్మ నవ్వుతోంది గానీ మాటలు నవ్వడం లేదు. వెంటనే అందరికీ కనబడకుండా తీసేశాను. తీసేస్తే పోతుందనుకున్నాను. ఫోను మరి అంత మంచిది కాదు కదా. పూలగుత్తుల మధ్యలో, నా పేరు కింద, "ఈ మెసేజ్ తొలగించబడింది" అన్న ముక్క బోర్డు కట్టినట్టు మిగిలిపోయింది. దానికంటే తిట్టి ఊరుకున్నా బాగుండేది. ఇప్పుడు ప్రతివాడూ ఆ ఖాళీలో తనకు తోచిన తిట్టు రాసుకుంటాడు. అందరికంటే పెద్ద తిట్టు అతనే రాసుకుంటాడు.

ఇంటికొచ్చేసరికి నా భార్య పొయ్యి ముందు రొట్టెలు చేస్తోంది. నా మొహం చూసి ఏమైందని అడిగింది. అంతా చెప్పాను. ఓదారుస్తుందనుకున్నాను.

"తీసేసినంక ఇంకేమన్న పంపినవా?" అంది.

"ఏం పంపాలె? రేపు చూస్త."

"రేపటిదాక ఊకుంటే గదే జవాబయితది. ఇప్పుడే రాయి. గ్రూపుల కాదు, ముందుగాల గా పిలగానికే రాయి. గ్రూపుల రాస్తే పదిమందికి నీ మొఖం చూపించుకున్నట్టుంటది."

స్టూలు లాక్కుని కూర్చుని రాయడం మొదలుపెట్టాను. మొదటిది బ్రహ్మాండంగా వచ్చింది: "మీ అంకితభావానికి, విశేష కృషికి దక్కిన ఈ పదవి మీకు మరిన్ని విజయాలు చేకూర్చాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను." గట్టిగా చదివి వినిపించాను.

ఆమె చేతిలో పిండి అలాగే ఆగిపోయింది. "చౌరస్తల ఫ్లెక్సీ కడుతున్నవా? నిన్నటిదాక తమ్మీ అన్నోడివి, ఇయ్యాల మీరు మీరు అంటే వాడు ఏమనుకోవాలె? దూరం జరిగిండు అనుకోడా?"

నిజమే. మర్యాద ఎక్కువైనా గుచ్చుకుంటుంది. కొట్టేశాను. రెండోది మనసు పెట్టి రాశాను: "తమ్మీ, నాకంటే చిన్నోడివైనా నువ్వు ఎదిగినందుకు నాకు సంతోషంగ ఉన్నది. నేను నేర్పిన పని ఇయ్యాల నిన్ను ఈడిదాక తెచ్చింది. నాకేం బాధ లేదు."

"బాధ లేదని ఎవరడిగిండ్రు నిన్ను?" అంది. "అడగకముందే చెప్తే ఉన్నట్టే. ఇగ దాంట్ల అంతా నువ్వే ఉన్నవ్. నేను, నాకంటే, నేను నేర్పిన. వాని పండుగకు పోయి నీ ఫోటో పెట్టినట్టుంది."

నాకు చిర్రెత్తుకొచ్చింది. "అయితే నువ్వే రాయి!" అన్నాను. ఆమె రొట్టె తిప్పింది. నేనే మళ్లీ ఫోను తీశాను. మూడోది పెద్దన్నలా రాశాను: సేఠ్‌తో జాగ్రత్త, స్టాకు లెక్క రోజూ చూసుకో, ఏ సాయం కావాలన్నా నేనున్నా. దీనికి ఆమె చెప్పనక్కర లేకపోయింది. చదువుతుండగానే నాకే వినబడింది. అభినందన చెప్పమంటే కుర్చీ ఎలా నడపాలో చెబుతున్నాను. వాడి చేత కాదేమోనన్న అనుమానం ప్రతి ముక్కలోనూ ఉంది.

"నాకు సంతోషంగ లేదు. లేనిది ఎట్ల రాయాలె?" అని ఫోను పక్కన పడేశాను. ఆ మాట పైకి అనడంతో గుండె కొంచెం తేలికైంది.

ఆమె మెత్తగా అంది, "సంతోషంగున్నదని రాయకు. నువ్వు వాన్ని రోజూ చూస్తున్నవ్ గదా. వాడు మంచిగ చేసిన పని ఒక్కటి కూడ కండ్లల్ల పడలేదా? గది నిజం. గది రాస్తే అబద్ధం ఎందుకైతది?"

వెంటనే ఒకటి గుర్తొచ్చింది. నిజానికి అది ఎప్పుడూ మరిచిపోలేదు, ఒప్పుకోలేదంతే. పోయిన వానాకాలం మనూరు దగ్గర ఒక పెద్దాయన కొత్త ట్రాక్టరు విత్తనాల వేళ క్లచ్ ప్లేటు కాలి పొలంలో ఆగిపోయింది. డ్రైవరు క్లచ్ మీద కాలు తీయకుండా నడిపాడు, అందుకే కాలింది. దానికి వారంటీ రాదు. మేమిద్దరం బండి మీద వెళ్లాం. ఆ పెద్దాయన కంపెనీని, సేఠ్‌ను, మమ్మల్ని, మా ముందుతరాల వాళ్లను కూడా వదలకుండా తిట్టాడు. తప్పు డ్రైవరుదని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఇతను నా మోచేయి పట్టుకుని ఆపాడు. గట్టు మీద గొంతుక్కూర్చుని మొత్తం విన్నాడు. తిట్లు అయిపోయాక, "అవును పెద్దయ్యా, అదును పోతే ఏడాది పోయినట్టే. ముందుగాల బండి నడవాలె" అని మెకానిక్కుకు ఫోను చేశాడు. మెకానిక్కు వచ్చేలోపు ఆ పెద్దాయనే మాకు చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. డ్రైవరు తప్పు సంగతి మేం బయలుదేరేటప్పుడు ఇతను నెమ్మదిగా చెబితే పెద్దాయన విన్నాడు కూడా. ఆ తర్వాత ఆయన వియ్యంకుడు మా దగ్గరే ట్రాక్టరు కొన్నాడు.

నాలుగు వాక్యాలు రాశాను:

"తమ్మీ, మేనేజర్ అయినందుకు అభినందనలు. మనూరు పొలంల గా పెద్దాయన అంతసేపు తిట్టినా నువ్వు గట్టు మీద కూసుండి మొత్తం విన్నవ్, ఆఖరికి ఆయనే మనకు నీళ్లు తెచ్చిచ్చిండు. గట్ల వినెటోడు మన షోరూముకు కావాలె. పొద్దున కలుద్దాం."

అసలు చివర "నేనైతే కొట్లాడుతుంటి" అని కూడా రాశాను. ఆమె వేలు పెట్టి చూపించింది. మళ్లీ నేను వచ్చి కూర్చున్నాను అక్కడ. తీసేశాను. ఈసారి పంపకముందే.

అతనికి పంపాక గ్రూపులో ఒక్క ముక్క పెట్టాను: "మన షోరూముకు మంచి మేనేజర్ వచ్చిండు. అభినందనలు." అక్కడ తమ్మీ అనలేదు. పదిమంది ముందు అతన్ని చిన్నవాణ్ణి చేసినట్టవుతుంది. సాబ్ అనీ అనలేదు. బొమ్మలు పెట్టలేదు.

అతని ఫోనులో నీలి గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. పడుకునేదాకా రాలేదు. ఆ రోజు తిన్న రొట్టె రుచి నాకు తెలియలేదు.

పొద్దున వెళ్లేసరికి అతను క్యాబిన్ బయట నిలబడి ఉన్నాడు. లోపల కుర్చీ ఖాళీ. నన్ను చూసి చిన్నగా తలూపాడు. ఏదో అనబోయేంతలో కల్హేర్ రైతు ఒకాయన, నాకు పాత పరిచయం, వచ్చి నా భుజం మీద చేయి వేశాడు.

"ఏమన్నా, రేటు ఆఖరికి ఎంతకిస్తవ్? నీ మాట మీదనే వచ్చిన."

ఇన్నేళ్లూ ఆఖరి రేటు నా నోట్లోంచే వచ్చేది. రైతులకు అది అలవాటు, నాకు గర్వం. అయినా అన్నాను, "ఆఖరి మాట ఇగ మా మేనేజర్‌ది. లోపల కూసుండి మాట్లాడుదాం రా."

ఆ మాటతో అతను లోపలికి వెళ్లక తప్పలేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. రాత్రి ఆ నాలుగు వాక్యాలు రాయడం కంటే ఆ ఒక్క మాట అనడమే నాకు కష్టమైంది.

మధ్యాహ్నం టైర్ల దగ్గరికి వస్తాడో రాడో అనుకున్నాను. వచ్చాడు. డబ్బా మూత తీసి, నావైపు చూడకుండా అడిగాడు.

"గ్రూపుల నువ్వు తీసేసింది ఏందన్నా?"

దాచాలనిపించలేదు. సాబ్, అదృష్టం, దయ, ఉన్నదున్నట్టు చెప్పాను. అతను రొట్టె ముక్క తుంచి చట్నీలో అద్దాడు.

"నేను ఇంకా ఖరాబుగ అనుకున్న," అన్నాడు. "నిన్న రాత్రి నాకీ కుర్చీ వద్దు, అన్నకే ఇయ్యుమని సేఠ్‌కు ఫోన్ చేద్దామని నంబరు కూడ తీసిన. నువ్వు నారాజైనంక ఈడ ఎట్ల కూసోవాలె? అప్పుడే నీ మెసేజ్ వచ్చింది. మా అమ్మకు చదివి వినిపిచ్చిన. ఏడ్చింది. ఇగ ఫోన్ చెయ్యలే. నీకు ఏం జవాబు రాయాల్నో తెల్వలే."

చేతిలో రొట్టె డబ్బాలో పెట్టేశాను. అంటే నేను ఇంకేమీ పంపకుండా ఊరుకుని ఉంటే, ఆ తొలగించిన ముక్క దగ్గరే ఆగి ఉంటే, ఈ పొద్దున ఆ కుర్చీలో నేను ఉండేవాణ్ణి. ఒక్క క్షణం నా నాలుగు వాక్యాల మీద నాకే కోపమొచ్చింది. పొయ్యి ముందు కూర్చున్న నా భార్య మీద ఇంకా ఎక్కువ వచ్చింది. అబద్ధమెందుకు.

అతను నా మొహమే చూస్తున్నాడు. మనూరు గట్టు మీద పెద్దాయన వైపు చూసినట్టే, నేను ఏమంటానో మొత్తం వినడానికి సిద్ధపడి చూస్తున్నాడు. ఆ చూపు చూశాక నాకు నవ్వొచ్చింది.

"మేనేజర్ సాబ్," అన్నాను, "గా చట్నీ జర ఇటు జరుపు."

అతను పగలబడి నవ్వి డబ్బా మొత్తం నా ఒళ్లో పెట్టాడు.